తేనెకు వంద రూపాయలు ఎక్కువ అడగాలంటే: రైతు సంఘం ప్రకటన స్క్రిప్టు రాసుకునే పద్ధతి

తేనెపెట్టెలు పెట్టి, సీసాల్లో నింపి సొంతంగా అమ్ముకునే ప్రతి రైతు సంఘానికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. "దుకాణంలో అరకిలో 200కి దొరుకుతోంది. మీ దగ్గర 300 పెట్టి ఎందుకు కొనాలి?" దీనికి చాలా సంఘాలు చెప్పే జవాబు "మాది స్వచ్ఛమైన తేనె" అని. దుకాణంలో సీసా మీద కూడా అదే మాట రాసి ఉంటుంది కాబట్టి ఆ జవాబుకు వంద రూపాయలు రావు. మీ తేనె ఎక్కడ, ఏ ఈగలతో, ఏ పూతలో, ఎంత కష్టం మీద వచ్చిందో చెప్పగలిగితేనే వస్తాయి. ఆ కథను నిమిషం ప్రకటనగా ఎలా రాసుకోవాలో, ఆ కథకు వెనుక ఏ లెక్కలు ఉండాలో ఈ వ్యాసంలో చూద్దాం.

ఉదాహరణకు అరకు లోయ ప్రాంతంలో 22 మంది సభ్యులున్న ఒక నమూనా సంఘాన్ని తీసుకుందాం. ఒక్కొక్కరికి 5 చొప్పున 110 పెట్టెలు. పెంచేది మన పుట్ట తేనెటీగలను. కింద వాడిన ఖర్చులు, ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ ఊరి అంకెలు వేసుకోవాలి.

ముందు ధర లెక్క, తర్వాతే కథ

స్క్రిప్టు రాయడానికి కూర్చునే ముందు సంఘం తేల్చుకోవాల్సింది ఒకటుంది. మన అరకిలో సీసా వంద రూపాయలు ఎక్కువ ఎందుకయింది? దీనికి కాగితం మీద జవాబు లేకపోతే ప్రకటనలో ఎంత అందంగా చెప్పినా కొనేవారికి అది బేరమాడవలసిన ధరగానే కనిపిస్తుంది.

అసలు తేడా ఈగ జాతిలో ఉంది. ఇటాలియన్ తేనెటీగలు పెట్టెకు ఏడాదికి 25 నుంచి 40 కిలోల దాకా ఇస్తాయి. పుట్ట తేనెటీగలు 6 నుంచి 8 కిలోలు ఇస్తే మంచి దిగుబడి కిందే లెక్క. మన నమూనా సంఘానికి పెట్టెకు సగటున 6 కిలోలు వచ్చిందనుకుందాం. పెట్టె, స్టాండు, ఈగల కుటుంబం కలిపి 4,200 రూపాయలు పెట్టి, ఆరేళ్ళు వాడితే ఏడాదికి 700. వానాకాలం మేత, మైనపు పురుగు పట్టి పోయిన పట్లు, ఎగిరిపోయిన కుటుంబాల బదులు కొత్తవి తెచ్చుకోవడం కలిపి 300. వారం పది రోజులకోసారి పెట్టె తెరిచి చూసే శ్రమకు 400. మొత్తం 1,400. దాన్ని 6 కిలోలకు పంచితే కిలోకు 233, అరకిలోకు సుమారు 117 రూపాయలు.

ఇటాలియన్ ఈగలు పెంచేవారికి పూత వెంట పెట్టెలను లారీల్లో తిప్పాలి కాబట్టి ఖర్చు ఎక్కువ. పెట్టెకు 3,000 వేసుకుందాం. అయినా దిగుబడి 30 కిలోలు కాబట్టి కిలోకు 100, అరకిలోకు 50 రూపాయలే పడుతుంది. 117లోంచి 50 తీసేస్తే మిగిలే 67 రూపాయల తేడా ఈగ జాతి వల్ల వచ్చింది. ఇది మీ అత్యాశ కాదని చెప్పుకోదగ్గ లెక్క.

దీనికి తోడు, చిన్న సంఘం ఏడాదికి రెండు విడతలుగా తేనె తీసి రెండింటినీ ల్యాబుకు పంపితే ఆ ఖర్చు 600 కిలోల మీదే పడుతుంది. పరీక్షలకు 12,000 అయితే అరకిలోకు 10 రూపాయలు. సీసాలు, మూతలు, లేబుళ్ళు తక్కువ సంఖ్యలో కొనడం వల్ల, కొండ దిగి పట్నం చేర్చడం వల్ల ఇంకో 10 వేసుకోండి. మొత్తం 87 అయింది. మిగిలిన 13 రూపాయలు సంఘం నిధికి. పూత పాడైన ఏడాది ఆదుకునేది ఆ నిధే. ఎందుకంటే దిగుబడి 6 నుంచి 4 కిలోలకు పడిపోతే అదే 1,400 రూపాయల ఖర్చు అరకిలోకు 175 అవుతుంది.

ఈ వందలో 67 రూపాయలు ఒక్క కారణం వల్లే వచ్చాయి కాబట్టి స్క్రిప్టులో ముందు నిలబడాల్సింది ఆ కారణమే. "మా తాతల నాటి నుంచి", "ప్రకృతి ఒడిలో" లాంటి మాటలకు ఈ లెక్కలో ఎక్కడా రూపాయి పడలేదు గమనించండి. వాటికి కేటాయించే సెకన్లు వృథా.

సీసా సైజు విషయంలో ఒక మాట. మన దగ్గర రోడ్డు పక్కన తేనెను ఇప్పటికీ 650 మిల్లీలీటర్ల పాత సీసాల్లో అమ్ముతారు. తేనె నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్ల దగ్గరి బరువు ఉంటుంది. లీటరు తేనె సుమారు 1.4 కిలోలు తూగుతుంది. అంటే ఆ సీసాలో 900 గ్రాములకు పైగా పడుతుంది. మీ అరకిలో మాత్రం 360 మిల్లీలీటర్ల లోపు సీసాలోనే ఇమిడిపోతుంది. సీసాను పక్కపక్కన పెట్టి చూసేవారికి మీది చిన్నదిగా, ధర ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే ప్రకటనలో "సీసా 300" అనకూడదు. "అరకిలో 300" అనాలి.

ఎక్కువగా వచ్చే మొదటి ముసాయిదా

సంఘాలు రాసుకొచ్చే స్క్రిప్టులు చాలావరకు ఇలా ఉంటాయి:

"అరకు అడవుల్లో గిరిజనులు ప్రాణాలకు తెగించి సేకరించిన నూటికి నూరు శాతం స్వచ్ఛమైన ఆర్గానిక్ వలిసె తేనె! షుగర్, ఆస్తమా, ఊబకాయానికి దివ్య ఔషధం! బజారులో దొరికేదంతా చక్కెర పాకమే. అసలైన తేనె కావాలంటే మాదే కొనండి. నీళ్ళలో వేసి చూడండి, అగ్గిపుల్ల వెలిగించి చూడండి!"

వినడానికి బలంగానే ఉంటుంది. కానీ ఇందులో ఒక్క మాటకూ సంఘం దగ్గర ఆధారం లేదు. ఒక్కొక్కటే చూద్దాం.

"అడవుల్లో, ప్రాణాలకు తెగించి" అన్నది కొండ తేనెటీగల పట్టు తీసేవారికి వర్తిస్తుంది. ఎత్తయిన చెట్లకు, బండరాళ్ళకు వేలాడే పట్లు అవి. మన సంఘం తేనె పెరట్లో, తోట గట్టు మీద పెట్టిన పెట్టెల్లోది. సభ్యుల్లో ఎవరైనా కొండ తేనె కూడా తెస్తుంటే దాన్ని వేరే డబ్బాలో ఉంచి, వేరే పేరుతో అమ్మాలి. రెండూ కలిపితే ఏ కథా నిజం కాదు. కొండ తేనెను పట్టు పిండి తీస్తే అందులో పిల్ల పురుగుల రసం, మైనం కలుస్తాయి. తేమ కూడా ఎక్కువగా ఉండి, మంచి తేనెను కూడా పులియబెట్టే ప్రమాదం ఉంది.

"ఆర్గానిక్" అన్న మాటకు ధ్రువీకరణ కావాలి. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద గానీ, పీజీఎస్ ఇండియా కింద గానీ సర్టిఫికెట్ లేనిదే లేబులు మీదా ప్రకటనలోనూ ఆ మాట వాడవద్దు. పైగా తేనె విషయంలో మీ పొలం ఒక్కటే సరిపోదు. పుట్ట తేనెటీగ మేత కోసం ఎక్కువగా కిలోమీటరు, కిలోమీటరున్నర లోపు తిరుగుతుంది. ఆ పరిధిలో ఎవరి చేలో ఏ మందు కొట్టినా అది మీ పెట్టెకు సంబంధించిన విషయమే.

"షుగర్‌కు ఔషధం" అన్నది అన్నిటికన్నా ప్రమాదకరం. తేనెలో ఎక్కువ భాగం చక్కెరలే. ఆ మాట నమ్మి షుగర్ ఉన్న మనిషి రోజూ తాగితే జరిగే నష్టం ఊహించండి. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని ప్రకటించడం చట్టం ఒప్పుకోదు. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వాట్సాప్‌లో పెట్టిన వీడియో అయినా అది ప్రకటనే.

"బజారులో దొరికేదంతా చక్కెర పాకమే" అనడానికి ఒక నేపథ్యం ఉంది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్షించగా, 10 బ్రాండ్లు ఎన్‌ఎంఆర్ అనే పరీక్షలో నిలవలేదని ప్రకటించింది. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. అప్పటినుంచి కొనేవారిలో అనుమానం పెరిగిన మాట నిజం. కానీ ఆ అనుమానం మీ సీసా మీదా ఉంటుంది. ఎదుటివారిని తిట్టినంత మాత్రాన మీది మంచిదని రుజువు కాదు.

నీళ్ళ గ్లాసు, అగ్గిపుల్ల, చీమల పరీక్షల గురించి ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. చిక్కగా కాచిన పాకం కూడా నీళ్ళలో అడుక్కే దిగుతుంది. తేమ కాస్త ఎక్కువున్న అసలు తేనె అగ్గిపుల్లకు అంటుకోదు. మీరే ప్రకటనలో ఈ పరీక్ష చెప్పి, ఇంటికెళ్ళిన తర్వాత మీ తేనే అందులో ఓడిపోతే ఆ కొనుగోలుదారు మళ్ళీ రారు.

ఇక "వలిసె తేనె" అన్న పేరు. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

పూత కాలం చెప్పాలా, పూవు పేరు చెప్పాలా

అరకు ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో వలిసె చేలు పసుపు పచ్చగా పూస్తాయి. ఆ పూతలో ఈగలకు మకరందం, పుప్పొడి బాగా దొరుకుతాయి. వలిసెలకు కూడా గింజ కట్టడానికి ఈగలు కావాలి. కాబట్టి ఆ కాలంలో తీసిన తేనెను వలిసె తేనె అనడం సహజమే. కానీ ఈగకు మన చేను గట్టు తెలియదు. అదే కాలంలో కిలోమీటరు పరిధిలో పూసే ఇతర పూల మీదా వాలుతుంది.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాల్లో ఒకే పూల తేనె, పలు పూల తేనె అని విడిగా ఉన్నాయి. ఒకే పూల తేనె అని పేరు పెట్టాలంటే అందులోని పుప్పొడిలో కనీసం 45 శాతం ఆ మొక్కదే ఉండాలి. ఇది ల్యాబులో సూక్ష్మదర్శినితో లెక్కపెట్టి చెప్పే విషయం. మీ దగ్గర ఆ రిపోర్టు ఉంటే "వలిసె తేనె" అని ధైర్యంగా రాసుకోండి. లేకపోతే "వలిసె పూత కాలంలో తీసిన తేనె" అని చెప్పండి. మొదటిదానికి ల్యాబు సాక్ష్యం కావాలి. రెండోదానికి మీ రిజిస్టరులోని తేదీ చాలు. ప్రకటనగా రెండోది తక్కువేమీ కాదు. కొండవార పసుపు పచ్చని చేలు చాలామంది కళ్ళతో చూసినవే.

ఇదే జాగ్రత్త కాఫీ పేరుకు ఇంకా ఎక్కువ కావాలి. వేసవి వానలు పడ్డాక మార్చి, ఏప్రిల్‌లో కాఫీ పూస్తుంది. కానీ పూత రెండు మూడు రోజులకే వాడిపోతుంది. నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్లు కూడా దాదాపు అదే కాలంలో పూస్తాయి. ఆ తేనెను కాఫీ తేనె అని పరీక్ష లేకుండా చెప్పడం కష్టం. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కాఫీ గింజకు వచ్చిన గుర్తింపు, తేనెకు కాదు. ఆ గుర్తింపును తేనె ప్రకటనలో వాడుకోకూడదు.

ఒక్కో వాక్యం వెనుక ఒక్కో తేదీ

ప్రకటనలో చెప్పే ప్రతి వాక్యాన్నీ ఎవరైనా ఫోన్ చేసి అడిగితే రిజిస్టరు తీసి చూపించగలగాలి. ఇందుకు పెద్ద సాంకేతికత అక్కర్లేదు. ఒక గట్టి అట్ట నోటుబుక్కులో పెట్టె నంబరు, సభ్యుడి పేరు, ఊరు, పై అర పెట్టిన తేదీ, చివరిసారి చక్కెర పాకం పెట్టిన తేదీ, తేనె తీసిన తేదీ, తూకం, తేమ శాతం రాసుకుంటే చాలు.

చక్కెర పాకం సంగతి చాలామంది దాచాలనుకుంటారు. దాచవద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానలు పట్టి పూలు లేనప్పుడు మేత పెట్టకపోతే పుట్ట తేనెటీగలు పెట్టె వదిలి వెళ్ళిపోతాయి. అది పెంపకంలో భాగం. తప్పు ఎక్కడంటే, తేనె నిల్వ చేసే పై అర పెట్టాక కూడా పాకం పెట్టడం. అప్పుడు ఈగలు ఆ పాకాన్నే పై గదుల్లో నింపుతాయి. మీకు తెలియకుండానే కల్తీ తేనె తయారవుతుంది. ల్యాబు పరీక్షలో అది బయటపడితే "మేం కలపలేదు" అన్న మాట ఎవరూ వినరు. అందుకే పూత మొదలవగానే పాకం ఆపాలి. కింది అరలో మిగిలిన పాకం ఈగలు వాడేసుకున్నాక పై అర పెట్టాలి. ఆ రెండు తేదీలు రిజిస్టరులో ఉండాలి. పాకం పెడతామని ప్రకటనలో మీరే చెప్పి, ఎప్పుడు ఆపారో కూడా చెబితే, వినేవారికి అది ఏ "స్వచ్ఛమైన" అన్న మాటకన్నా నమ్మకంగా ఉంటుంది. నా అనుభవంలో పట్నం కొనుగోలుదారులు ఎక్కువ ప్రశ్నలు అడిగేది ఈ వాక్యం విన్నాకే. అడిగినవాళ్ళే ఎక్కువగా కొన్నారు కూడా.

రెండో వాక్యం మూత వేసిన గదుల గురించి. మకరందంలో నీరు ఎక్కువ. ఈగలు రెక్కలతో విసిరి ఆ నీటిని తగ్గించి, తేనె పక్వానికి వచ్చాక గదికి మైనంతో మూత వేస్తాయి. చట్రంలో నాలుగింట మూడొంతుల గదులకు మూత పడ్డాక తీస్తే తేమ సాధారణంగా 20 శాతం లోపు ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హద్దు కూడా 20 శాతమే. తొందరపడి పచ్చి తేనె తీస్తే ఎక్కువ కిలోలు వస్తాయి, కానీ కొన్ని వారాలకే సీసాలో నురుగు, పుల్లటి వాసన వస్తాయి. చేతిలో పట్టుకునే చిన్న రిఫ్రాక్టోమీటరు సంఘానికి ఒకటి ఉంటే ప్రతి సభ్యుడి డబ్బానూ కలిపే ముందే చూసుకోవచ్చు. వానపడే కొండ ప్రాంతంలో మూత వేసిన తేనెలో కూడా ఒక్కోసారి తేమ హద్దు దాటుతుంది. కాబట్టి మూత చూసి సరిపెట్టుకోకుండా కొలవాలి. ఒక్క సభ్యుడి పచ్చి తేనె కలిస్తే మొత్తం విడత పులుస్తుంది.

మూడోది సీసాల సంఖ్య. మన నమూనా సంఘానికి 110 పెట్టెల నుంచి 660 కిలోలు వచ్చాయి. ఇళ్ళల్లో వాడుకున్నది, వడకట్టడంలో పోయినది 60 కిలోలు తీసేస్తే అమ్మకానికి 600. అందులో వలిసె పూత కాలంలో తీసినది 400 కిలోలు, వేసవిలో తీసినది 200 అనుకుందాం. అంటే వలిసెల కథ చెప్పి అమ్మగలిగేవి 800 అరకిలో సీసాలు మాత్రమే. 801వ సీసా ఉండకూడదు. వేసవి తేనెకు వేరే లేబులు, స్క్రిప్టులో ఆ ఒక్క పేరా మార్చుకోవాలి. సీసాలకు 1 నుంచి 800 దాకా వరుస నంబర్లు వేస్తే ఈ హద్దు సంఘం లోపల కూడా అందరికీ కనిపిస్తుంది.

దీని అవసరం ప్రకటన బాగా ఆడిన రోజే తెలుస్తుంది. వీడియో పదిమందికి చేరి, ఏ పట్నం దుకాణదారో "500 సీసాలు వెంటనే కావాలి" అంటారు. మీ దగ్గర 150 ఉంటాయి. కిలో 150 రూపాయలకు డ్రమ్ముల్లో తేనె ఇచ్చే వ్యాపారి మర్నాడే గుమ్మంలో ఉంటాడు. ఎంత మంచి తేనె అయినా సరే, అది మీ కథ చెప్పే తేనె కాదు. ఆ డ్రమ్ము మీ సీసాల్లోకి వెళ్ళిన రోజు నుంచి మీరు వంద రూపాయలు ఎక్కువ అడగడానికి ఉన్న ఒకే కారణం పోతుంది. ఇతర రైతుల తేనె కొని అమ్మాలనుకుంటే అమ్మండి, తప్పులేదు. వేరే లేబులుతో, ఈ కథ లేకుండా, బజారు ధరకు అమ్మాలి. ఈ నిర్ణయం ప్రకటన విడుదలకు ముందే సంఘం తీర్మానాల పుస్తకంలో రాసుకోవడం మంచిది. ఆర్డరు చేతిలో ఉన్నప్పుడు చర్చ పెడితే సాధారణంగా డబ్బే గెలుస్తుంది.

తిరగరాసిన స్క్రిప్టు

మాట్లాడేది పెట్టెలు చూసుకునే మహిళా సభ్యురాలు అయితే బాగుంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడే తీరులోనే చెప్పాలి. పట్నం గొంతుతో డబ్బింగ్ చెప్పించవద్దు. డప్పులు, థింసా నృత్యం వెనక పెట్టాలని వీడియో తీసేవారు అంటారు. తేనెకు, ఆ నృత్యానికి సంబంధం లేదు. దాని బదులు మూత వేసిన చట్రాన్ని, తేనె తీసే యంత్రాన్ని, రిజిస్టరు పేజీని చూపించండి. ఎవరి ముఖం కనిపించినా వారి అనుమతి ముందే తీసుకోవాలి.

"నమస్తే అండి. మాది అరకు లోయ. మేం 22 కుటుంబాల వాళ్ళం పెరట్లో తేనెపెట్టెలు పెట్టుకున్నాం. మావి ఇక్కడి పుట్ట తేనెటీగలే. పెట్టెకి ఏడాదికి ఆరు కిలోలు వచ్చాయి. పెద్ద జాతి ఈగలయితే ఇరవై అయిదు, ముప్ఫై కిలోలు ఇస్తాయి. అందుకే మా తేనె ధర ఎక్కువ. అరకిలో 300 రూపాయలు.

కొండవార వలిసెలు పూసే రోజుల్లో తీసిన తేనె ఇది. ఈగలు గదులకి మైనం మూత వేసేదాకా ఆగి అప్పుడే తీశాం. వానాకాలంలో పూలుండవు. అప్పుడు ఈగలకి చక్కెర పాకం పెడతాం. తేనె అర పెట్టే ముందే ఆపేస్తాం. ఏ రోజు ఆపామో రాసి ఉంచాం.

సీసా మీద నంబరు ఉంటుంది. ఫోన్ చేసి ఆ నంబరు చెప్పండి, ఏ ఊళ్ళో ఏ రోజు తీసిందో చెబుతాం. చలికి పేరుకుంటే భయపడకండి. గోరువెచ్చని నీళ్ళలో సీసా పెడితే కరుగుతుంది. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె పెట్టకండి. ఈ పూత తేనె 800 సీసాలే ఉన్నాయండి."

నింపాదిగా చదివితే ఇది నిమిషం, నిమిషంపావు పడుతుంది. గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోండి. రేడియోలో అరనిమిషమే దొరికితే చివరి పేరాలో ఫోన్ మాట, పిల్లల మాట, సీసాల సంఖ్య ఉంచి మిగతాది లేబులు మీదకు పంపండి. మొదటి పేరాను మాత్రం కత్తిరించవద్దు. ధరకు కారణం, ధర వెంటవెంటనే రావాలి. కారణం మొదట్లో చెప్పి ధర చివర్లో చెబితే వినేవారు రెండింటినీ కలుపుకోరు, ధర ఒక్కటే గుర్తుంచుకుంటారు.

"ఆరు కిలోలు వచ్చాయి" అన్నది మీ రిజిస్టరులోని సగటు అయి ఉండాలి. మీకు ఎనిమిది వస్తే ఎనిమిదే చెప్పాలి, అప్పుడు ధర లెక్క కూడా మారుతుంది. మీరు పెంచేది ఇటాలియన్ ఈగలయితే ఈ మొదటి పేరా మీకు పనికిరాదు. మీ తేడా వేరే చోట, బహుశా పూత కాలంలోనో పరీక్షల్లోనో వెతుక్కోవాలి. ఆ తేడా వంద రూపాయలకు చాలకపోవచ్చు. అప్పుడు ధర తగ్గించుకోవడమే మార్గం.

పేరుకోవడం గురించిన వాక్యాన్ని కొన్ని సంఘాలు తీసేద్దామంటాయి, లేనిపోని అనుమానం ఎందుకని. కానీ సీసాలో అడుగున గడ్డ కట్టగానే ఎక్కువమంది "చక్కెర కలిపారు" అనే అనుకుంటారు. ముందే చెబితే అది ఫిర్యాదుగా రాదు. ఆవాలు, పొద్దుతిరుగుడు తేనెలు త్వరగా పేరుకుంటాయి. మీ తేనె ఎన్ని రోజులకు పేరుకుంటుందో తెలియాలంటే ప్రతి విడత నుంచి ఒక సీసాను సీలు వేసి సంఘం గదిలో ఉంచండి. అదే సీసా రేపు ఎవరైనా నాణ్యత మీద ఫిర్యాదు చేస్తే సరిచూసుకోవడానికి కూడా పనికొస్తుంది. పేరుకున్న తేనెను పొయ్యి మీద పెట్టి కాచవద్దని ఫోన్ ఎత్తేవారు తప్పక చెప్పాలి. ఎక్కువ వేడి చేస్తే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది. కిలోకు 80 మిల్లీగ్రాములు దాటితే తేనె ప్రమాణాల్లో నిలవదు.

విడుదలకు ముందు

ప్రకటన బయటకు వెళ్ళేముందు సంఘంలో అక్షరాలు బాగా వచ్చిన ఒకరు కొనుగోలుదారుగా నటించి ఫోన్ చేయాలి. "412 నంబరు సీసా. ఎవరి పెట్టె? పాకం ఎప్పుడు ఆపారు? తేమ ఎంత?" అని అడగాలి. ఫోన్ ఎత్తిన సభ్యురాలు రెండు నిమిషాల్లో రిజిస్టరు చూసి చెప్పగలిగితే సరే. పదిమంది సభ్యుల తేనె ఒకే డ్రమ్ములో కలిపి నింపితే ఒక్క పెట్టె పేరు చెప్పడం కుదరదు. అప్పుడు "ఈ విడతలో ఈ పదిమంది పెట్టెల తేనె ఉంది" అని నిజం చెప్పాలి. చెప్పలేకపోతే సీసా నంబరు వాక్యాన్ని స్క్రిప్టు నుంచి తీసేసి, రిజిస్టరు సరిచేసుకున్నాకే మళ్ళీ పెట్టుకోవాలి.

లేబులు మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, నికర బరువు, విడత నంబరు, తీసిన నెల, సంఘం చిరునామా, ఫోన్ ఉండాలి. ఫోన్ ఒక్కరి సొంత నంబరు కాకుండా సంఘానిదే అయితే, అధ్యక్షులు మారినప్పుడు పాత సీసాలు కొన్నవారు దిక్కులు చూడాల్సిన పని ఉండదు.

800వ సీసా అమ్ముడైన రోజు ఆ వీడియోను గ్రూపుల్లో నుంచి, దుకాణం తెర మీద నుంచి తీసేయాలి. రేడియోలో మిగిలిన రోజులకు డబ్బు కట్టి ఉంటే వేసవి విడత స్క్రిప్టు పంపి మార్పించుకోవాలి. అప్పటికీ ఫోన్లు వస్తుంటే పేరు, ఊరు, ఎన్ని సీసాలు కావాలో వరుసగా రాసుకోండి. వచ్చే పూతకు సీసాలు, మూతలు ఎన్ని కొనాలో తేల్చుకోవడానికి ఆ జాబితా పనికొస్తుంది.